0.30 రెండుసార్లు వచ్చింది

మా ఆఫీసు బెంగళూరు బెల్లందూరులో. చిన్న డెలివరీ కంపెనీ. ఆర్డర్ పెట్టగానే "32 నిమిషాల్లో వస్తుంది" అని చూపించే మోడల్ ఒకటుంది. తయారు చేసేది వేరే టీమ్. దాన్ని సర్వర్ మీద నడపడం, ఎలా నడుస్తోందో కనిపెట్టుకుని ఉండడం ప్లాట్‌ఫామ్ టీమ్‌లో నా పని.

ఓ బుధవారం పొద్దున్నే, మోడల్‌కి వచ్చే డేటా మారిపోతోందని చెప్పే డ్రిఫ్ట్ అలర్ట్ వచ్చింది. షాపు నుంచి ఇంటికి ఉండే దూరం అనే ఫీచర్ మీద పీఎస్ఐ 0.30. ట్రైనింగ్ డేటాలో దూరాలు ఎలా ఉండేవి, నిన్నటి ఆర్డర్లలో ఎలా ఉన్నాయి అని పోల్చే లెక్క ఇది. 0.25 దాటితే పెద్ద మార్పు అనుకోవడం మా రంగంలో వాడుక. మోడల్ చెప్పే టైముకీ అసలు టైముకీ తేడా కూడా సగటున 6 నిమిషాల నుంచి 9కి పెరిగింది.

నేనేం చేశానంటే, వెంటనే రీట్రైన్ కొట్టేశాను. ఆ వారం డేటాతోనే. టెస్టులో తేడా 7 నిమిషాల లోపే వచ్చింది. వెర్షన్ 15 అని రిజిస్టర్ చేసి లైవ్‌లో పెట్టాను. అలర్ట్ ఆరిపోయింది. మారతహళ్ళి మెస్సులో పప్పుచారన్నం తిని హాయిగా పడుకున్నాను.

శనివారం అదే ఫీచర్ మీద మళ్లీ అలర్ట్. మళ్లీ 0.30. దాంతోపాటు ఫిర్యాదులు: పక్క సందులో ఉన్న హోటల్ నుంచి బిర్యానీకి 35 నిమిషాలు చూపిస్తోందట.

టీమ్‌లో సీనియర్ ఒకాయన ఉన్నాడు, మాది కర్నూలే, ఆయనదీ కర్నూలే. "ఏరా, మొన్నా 0.30, ఇవాళా 0.30. దానికేమైనా పిచ్చా? బిన్లు తెరువు" అన్నాడు. తెరిచాం. దూరాన్ని ఐదు బిన్లుగా చేశాం, ట్రైనింగ్‌లో ఒక్కోదాంట్లో 20 శాతం. బుధవారం మొదటి బిన్, అంటే అన్నిటికంటే దగ్గరి ఆర్డర్లు, 45 శాతం. మిగతా నాలుగూ తలా 13.75. కింద a అంటే ఆ రోజు బిన్‌లో ఉన్న వాటా, e అంటే ట్రైనింగ్‌లో ఉన్న వాటా.

```
PSI = Σ (a − e) · ln(a / e)
0.25 · ln(0.45/0.20)           = 0.203
4 · (−0.0625) · ln(0.1375/0.20) = 0.094
```

"నిజంగా జనం దగ్గరి షాపుల్లో కొనడం మొదలుపెడితే నాలుగు బిన్లూ ఇలా గీత గీసినట్టు ఒకే పాళ్లలో తగ్గుతాయా?" అన్నాడు. నాకు చెమట పట్టింది. ప్రతి బిన్ నుంచీ 31 శాతం ఆర్డర్లు లేచి సున్నా దగ్గర కూర్చున్నాయి. కొత్త యాప్ రిలీజులో దూరం ఫీల్డు పేరు మార్చారు. ఆ కొత్త యాప్ నుంచి వచ్చిన ఆర్డర్లలో మా సర్వీసు ఆ ఫీల్డు దొరక్క, ఖాళీని 0 తో నింపేసింది. దూరం 0 కిలోమీటర్లు.

అంటే నేను రీట్రైన్ చేసింది పాడైన డేటా మీద. సున్నా దూరం అంటే మామూలు ఆర్డరే అని వెర్షన్ 15 నేర్చుకుంది. టెస్టు డేటాలోనూ అదే తప్పు ఉంది కాబట్టి మార్కులు బాగానే వచ్చాయి. పైగా పీఎస్ఐ పోల్చుకునే పాత డేటా స్థానంలోకి ఆ వారం డేటానే వచ్చింది కాబట్టి అలర్ట్ నోరు మూసుకుంది. శుక్రవారం రాత్రి సర్వర్ టీమ్ ఫీల్డు పేరు సరిచేసింది. డేటా మంచిదైంది, మోడల్‌కి అదే వింతైంది. పీఎస్ఐ సూత్రంలో a, e అటూ ఇటూ మార్చినా జవాబు ఒకటే, అందుకే అదే 0.30.

వెనక్కి వెళ్లడం ఒక్క లైను అనుకున్నాను:

```python
client.set_registered_model_alias("delivery-eta", "champion", "14")
```

మోడల్ వెర్షన్లని రిజిస్టర్ చేసే ఎంఎల్‌ఫ్లోలో champion అనే పేరు 14కి మారింది, సర్వీసు మాత్రం 15తోనే జవాబులిస్తోంది. మోడల్‌ని స్టార్టప్‌లో ఒక్కసారే లోడ్ చేసుకుంటుంది మరి. ఇది గుర్తు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. `kubectl rollout restart deployment/eta-api` కొట్టాక గానీ పాతది ఎక్కలేదు.

తర్వాత మూడు మార్చాం. ఖాళీని 0 తో నింపడం మానేశాం, మా మోడల్ లైట్‌జీబీఎం లైబ్రరీతో చేసింది, ఖాళీ విలువల్ని అదే చూసుకుంటుంది. డేటాని సిద్ధం చేసే కోడ్‌ని సర్వీసులోంచి తీసి మోడల్‌తో కలిపి ఒకే వెర్షన్‌గా ప్యాక్ చేశాం. ఏ తేదీల డేటా, కోడ్‌లో ఏ కమిట్ అన్నది దానికి ట్యాగులుగా కట్టాం. ఇక రీట్రైన్‌కి ముందు ఒక గేటు: ఏ ఫీచర్‌లోనైనా ఖాళీలు, సున్నాలు మామూలు కంటే పెరిగితే జాబ్ ఆగిపోతుంది, మనిషి చూడాల్సిందే.

అక్టోబరులో వానలకి సిల్క్ బోర్డ్ దగ్గర నీళ్లు నిలిచాయి. తేడా 11 నిమిషాలకు పోయింది, పీఎస్ఐ మాత్రం 0.03. దూరాలు అవే, ఆ దూరానికి పట్టే టైమే మారింది. అది పీఎస్ఐ కంటికి కనపడదు. "రీట్రైన్ కొడతావా?" అన్నాడు అన్న, నవ్వుతూ. "నీళ్లు దిగనీ అన్నా" అన్నాను. మూడో రోజుకి తేడా 6.5కి వచ్చింది. ఉన్న మోడల్‌నే ఉంచి, వాన పడుతోందో లేదో చెప్పే ఫీచర్ కావాలని మోడల్ టీమ్‌కి టికెట్ పెట్టాను.