ముందు సెమికోలన్, ఆ తర్వాతే కామా

జర్మనీలో రెండున్నరని 2,5 అని రాస్తారు. పన్నెండు వందలని 1.200 అని రాస్తారు. మన దగ్గర చుక్క చేసే పని అక్కడ కామా చేస్తుంది, కామా చేసే పని చుక్క చేస్తుంది. సూపర్ మార్కెట్‌లో రేట్లు చూసి చూసి కంటికి అదే అలవాటైపోతుంది. ఆఫీసులో ఫైళ్ళ దగ్గరికి వచ్చేసరికే అసలు చిక్కు.

నేను పనిచేసేది స్టుట్‌గార్ట్ దగ్గర, యంత్రాల విడిభాగాలు తయారుచేసే చోట. ఏ భాగం ఏయే సైజుల్లో దొరుకుతుందో ఆ లిస్టులు హైదరాబాద్‌లో, మాధాపూర్‌లో ఉన్న మా టీమ్ తయారుచేసి పంపుతుంది. అవి ఇలా వస్తాయి:

```
2.5,12,10.75,2.50,9,12
```

దీన్ని CSVగా జర్మన్ ఎక్సెల్‌లో తెరిస్తే లైనంతా ఒకే గడిలో పడుతుంది, ఎందుకంటే అక్కడ అంకెల్ని విడదీసేది సెమికోలన్. ఎవరైనా గడులుగా విడదీసినా 2.5 కాస్తా 02. Mai అయి కూర్చుంటుంది. మిల్లీమీటర్లు మే నెల రెండో తారీఖు అయిపోతాయన్నమాట. అందుకే పంపేముందే ఫార్మాట్ మార్చాలి.

చాలామంది ముందు చుక్కల్ని కామాలుగా మార్చేస్తారు. అప్పుడు పై లైను 2,5,12,10,75,2,50,9,12 అవుతుంది. ఇందులో 10,75 ఒక సైజా, రెండు సైజులా? పాత ఫైలు పక్కన లేకపోతే ఇక ఎవరూ చెప్పలేరు. కాబట్టి ముందు అంకెల్ని విడదీసి, వరసలో పెట్టి, రెండోసారి వచ్చినవి తీసేసి, సెమికోలన్‌తో కలపాలి. చుక్కని ముట్టుకోవడం చిట్టచివర. లినక్స్‌లో అయితే ఇంతే:

```
tr ',' '\n' < sizes.txt | sort -nu | paste -sd';' - | tr '.' ','
```

మొదటి tr ఒక్కో అంకెని ఒక్కో లైనులో పెడుతుంది. sortకి n ఇస్తే విలువని బట్టి వరస పెడుతుంది. అది లేకపోతే అక్షరాల్లా చూసి 12ని 9 కంటే ముందు పెడుతుంది. u ఇస్తే ఒకే విలువ ఉన్నవాటిలో మొదటిది ఉంచి మిగతావి తీసేస్తుంది. ఇక్కడ 2.5, 2.50 రాతలో వేరైనా విలువ ఒకటే, అందుకని ఒక్కటే మిగులుతుంది. అదే uniqకి ఇస్తే రెండూ ఉండిపోతాయి, అది రాతనే చూస్తుంది కాబట్టి. paste మళ్ళీ అన్నిటినీ ఒక లైనుగా కలుపుతుంది. సెమికోలన్‌కి కొటేషన్ మాత్రం తప్పనిసరి. లేకపోతే కమాండ్ అక్కడితో అయిపోయిందని షెల్ అనుకుంటుంది.

పోయిన శీతాకాలం సెలవుకి ఇంటికి వచ్చినప్పుడు కొన్నాళ్ళు మాధాపూర్ ఆఫీసు నుంచే పనిచేశాను. ఈ కమాండ్‌ని మా టీమ్‌లో ఒకమ్మాయి తన లాప్‌టాప్‌లో నడిపితే 2,5;9;10,75;12 వచ్చింది. అదే ఫైలు, అదే కమాండ్, నా లాప్‌టాప్‌లో 9;12;2,5;2,50;10,75 వచ్చింది.

"అన్నా, మీ దాంట్లో పన్నెండు తర్వాత రెండున్నర వస్తోందేంటి?" అంది.

నా మెషీన్ జర్మన్ సెట్టింగ్‌లో, అంటే de_DE లొకేల్‌లో ఉంది. sort -n ఆ సెట్టింగ్‌ని చూసే అంకెల్ని చదువుతుంది. జర్మన్‌లో చుక్క వేలని విడదీసే గుర్తు, కాబట్టి దాన్ని దాటేసి 2.5ని 25గా, 2.50ని 250గా, 10.75ని 1075గా చదివింది. వరస తప్పింది ఒక్కటే కాదు, 25, 250 వేర్వేరు విలువలు కాబట్టి 2.50 కూడా పోలేదు. ఎర్రర్ అంటూ ఏమీ రాదు, అదే భయం. ఆ అమ్మాయి sort --debug నడిపి చూడమంది. మంచి సలహా. ఏ లొకేల్ వాడుతోందో అది చెప్పేస్తుంది. మందు కూడా చిన్నదే:

```
LC_ALL=C sort -nu
```

పైప్‌లో sort ఉన్నచోట ఇలా రాస్తే హైదరాబాద్‌లో నడిపినా స్టుట్‌గార్ట్‌లో నడిపినా చుక్కని దశాంశ బిందువుగానే చదువుతుంది.

ఫలితంలో ఇంకొకటి చూడాలి. లైను సెమికోలన్‌తోనే మొదలైతే అసలు లిస్టులో ఎక్కడో రెండు కామాలు పక్కపక్కన ఉన్నాయనో, చివర కామా మిగిలిందనో అర్థం. ఆ ఖాళీని sort సున్నాలా చూసి ముందుకి తెస్తుంది. విడదీసిన వెంటనే grep . పెడితే ఖాళీ లైన్లు పోతాయి.

ఇదంతా సైజుల్లాంటి లిస్టులకే, అంటే ఏవి ఉన్నాయో తెలిస్తే చాలు అనుకునేవాటికే. గంటగంటకీ తీసిన ఉష్ణోగ్రతల వరస మీద sort నడిపితే ఏ గంటకి ఎంతో పోతుంది, వరసగా రెండు గంటలు ఒకే వేడి ఉంటే ఒక రీడింగే మాయమవుతుంది. అలాంటివాటికి వరస కదపకుండా రెండు గుర్తుల్నీ ఒకేసారి మార్చేది చాలు:

```
tr ',.' ';,' < temps.txt
```

ఒక్కో అక్షరాన్ని ఒక్కసారే మారుస్తుంది కాబట్టి కొత్తగా వచ్చిన కామాలు మళ్ళీ సెమికోలన్లు కావు.