ఠావుల్ దప్పిన చోట

పోయిన ముక్కోటి ఏకాదశి నాడు మా వీధి చివరి గుడిలో గజేంద్ర మోక్షం సామూహిక పారాయణ జరిగింది. మైకు ముందు కూర్చున్న పెద్దమనిషి గొంతు మంచిది, భక్తికీ లోటు లేదు. అయినా "లావొక్కింతయు" పద్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన "ధైర్యము విలో" అని ఆగి, నిండుగా ఊపిరి తీసుకుని, "లంబయ్యె" అని అందుకున్నారు. వెనక కూర్చున్న వాళ్ళమంతా అలాగే ఆగి, అలాగే అందుకున్నాం. ప్రసాదం తీసుకుని ఇంటికి వచ్చానే గాని, సగానికి విరిగిన ఆ "విలోలము" రాత్రి దాకా నా చెవిలోనే ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు. పద్యం అందరికీ కంఠతా వచ్చినదే అయినా, అక్షరం అక్షరం చూడవలసిన పని ఉంది కనుక ఒకసారి రాస్తున్నాను.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెఱుఁగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!

ఇది శార్దూలం. మ స జ స త త గ అనే వరుసలో పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం యతిస్థానం. ఆ పెద్దమనిషి 12వ అక్షరం తర్వాత ఆగారంటే లెక్క తెలియక కాదు, తెలిసే ఆగారు. సంస్కృతంలో ఈ వృత్తానికి 12 అక్షరాల తర్వాత విరామం ఉంటుంది, మాట అక్కడ పూర్తి కావాలి. తెలుగులో యతి విరామం కాదు, మైత్రి. పాదం మొదటి అక్షరంతో 13వ అక్షరం ధ్వనిలో కలిస్తే చాలు, ఆ కలిసే చోటు మాట నడుమ ఉన్నా దోషం లేదు. పోతన గారు ఈ స్వేచ్ఛను ఎంతగా వాడుకున్నారో ఈ ఒక్క పద్యంలోనే చూడవచ్చు. మొదటి పాదంలో "లా"కు జత "విలోలంబు"లోని "లం". మూడో పాదంలో "నీ"కి జత "మన్నింపన్"లోని "న్నిం". నాలుగో పాదంలో "రా"కు జత "సంరక్షింపు"లోని "ర". మూడూ మాట కడుపులో ఉన్నవే. రెండో పాదంలో మాత్రం "తనువున్" అయిపోయి "డస్సెన్"తో యతి మొదలవుతుంది. కాబట్టి 12 దగ్గర ఆగేవారికి నాలుగింట ఒక్కసారి మాట నిలుస్తుంది, మూడుసార్లు విరుగుతుంది. మూడో పాదంలో అలా ఆగితే మరీ చిక్కు. "బెఱుఁగమన్" అని నిలిపితే వినేవాడికి "ఎఱుఁగము" అన్నట్టు తోస్తుంది. అక్కడున్నది "ఎఱుఁగన్", అంటే నేనెఱుఁగను అని. అంత పరివారం ఉన్న గజరాజు ఆ క్షణంలో "మేము" అనడం మానేశాడు. మన ఊపిరి ఒక్కటి తప్పు చోట ఆగితే ఆ ఒంటరితనం చెదిరిపోతుంది.

మరి ఎక్కడ ఆగాలి? క్రియ దగ్గర ఆగాలి. "లావొక్కింతయు లేదు" 7 అక్షరాలు. "ధైర్యము విలోలంబయ్యె" 8. ఆ తర్వాత మొదటి పాదంలో 4 అక్షరాలే మిగులుతాయి, వాటిలో "ప్రాణంబులున్" పడుతుంది. ఆ ప్రాణాలకు ఏమైందో చెప్పడానికి పాదంలో చోటు లేదు. క్రియ రెండో పాదంలోకి జారింది, జారి "ఠావుల్ దప్పెను" అంది. ప్రాణాలు తమ చోటు తప్పాయని చెప్పే వాక్యం తానే పాదం చోటు తప్పింది. నాకు ఈ పద్యంలో అన్నింటికన్నా ఇష్టమైనది ఈ జారుపాటే. పోతన గారు కావాలనే చేశారని నేను ప్రమాణం చేయలేను గాని, పాదాంతంలో పూర్తిగా ఆగి, మళ్ళీ కొత్తగా "ఠావుల్" అని ఎత్తుకుంటే మాత్రం అది పోతుంది. అలా ఆగితే "ధైర్యమూ సడలింది, ప్రాణాలూ సడలాయి" అన్న అర్థమే చెవికి అందుతుంది. "లున్" గురువు కనుక దాన్ని కాస్త పట్టి, ఊపిరి తీయకుండా "ఠావుల్"లోకి దిగాలి. అక్కడి నుంచి ముక్కలు పొట్టివవుతాయి. "మూర్ఛ వచ్చె" 4 అక్షరాలు, "తనువున్ డస్సెన్" 5, "శ్రమంబయ్యెడిన్" 5. మొదట 7, 8, 9 అక్షరాల దాకా సాగిన ఊపిరి ఇప్పుడు నాలుగైదుకు మించడం లేదు. మునిగిపోతున్న ప్రాణి మాట ఇలాగే ఉంటుంది.

ఇంతలో ఒక సంగతి. "ఠావుల్" అన్న మాటను చాలామంది "తావుల్" అని చదువుతారు, కొందరు నన్ను సరిదిద్దబోయారు కూడా. తావు అన్నా చోటే, అర్థం మారదు. రెండింటి తూకమూ ఒకటే కనుక గణం కూడా అభ్యంతరం చెప్పదు. అభ్యంతరం చెప్పేది యతి. 13వ అక్షరం "డస్సెన్"లోని "డ". ట ఠ డ ఢ లు ఒక వర్గం కనుక "ఠా"కు "డ"తో మైత్రి కుదురుతుంది, "తా"కు కుదరదు. అంటే పాదం రెండో సగంలో ఒళ్ళు డస్సిందన్న మాట ఉన్నందువల్లే, పాదం మొదట ప్రాణం తప్పింది తావులు కాదు, ఠావులు అయ్యాయి. వ్రాతప్రతి చేతిలో లేకపోయినా ఈ అక్షరం నిలబడిందంటే కావలి కాసింది యతే.

గణం కాపలా మరో రకం. "అయ్యెఁ బ్రాణంబులున్" దగ్గర "య్యెఁ" లఘువు కావాలి. అరసున్నను నిండుసున్నగా పలికి "అయ్యెం" అంటే గురువైపోతుంది. వెనక "బ్రా" ఉంది కదా అని "అయ్యెబ్బ్రాణంబులు" అని ఒత్తినా అంతే. తెలుగులో విడి మాట మొదట ఉన్న సంయుక్తం ముందరి అక్షరాన్ని బరువు చేయదు. రెండో పాదంలో "వచ్చెఁ దనువున్" దగ్గరా ఇదే జాగ్రత్త. ఇక నాలుగో పాదంలో "రావే ఈశ్వరా, కావవే వరదా" అని దీర్ఘాలు తీయడం మన భజన అలవాటు. "శ్వర" రెండు లఘువులు, "రద" రెండు లఘువులు, వాటిని సాగదీస్తే సగణమే ఉండదు. సంబోధనలన్నింటికీ కలిపి పద్యం ఇచ్చిన దీర్ఘం ఒక్కటే, చివరి "భద్రాత్మకా"లో ఉంది. గజేంద్రుడు కేకను అక్కడికి దాచుకున్నాడు, మనం ముందే ఖర్చు చేస్తున్నాం. ఛందస్సు పట్టుకోలేని తప్పులూ ఉన్నాయని ఒప్పుకోవాలి. "సంరక్షింపు" బదులు "సంరక్షించు" అంటే గణమూ యతీ రెండూ ఊరుకుంటాయి, పోతన మాట మాత్రం పోతుంది. అక్కడ మన శ్రద్ధే దిక్కు.

ప్రాస గురించి చెప్పకుండా ముగించలేను. ప్రతి పాదంలో రెండో అక్షరం "వ" కావాలి, దాని ముందు అక్షరం మొదటి పాదంలో దీర్ఘం కనుక అన్నింటా దీర్ఘమే కావాలి. లావు, ఠావు, నీవే, రావే. మొదటి రెండు పాదాలు ఎత్తుకున్నది "నా" దగ్గర. నా లావు లేదు, నా ప్రాణాల ఠావు లేదు. మూడో పాదం "నీవే" అంది, నాలుగోది "రావే" అంది. శరణాగతి మెట్లని పెద్దలు గంటలసేపు చెప్పేదాన్ని ప్రాసస్థానం నాలుగు మాటల్లో పట్టుకుంది. పారాయణలో ఈ నాలుగు ఎత్తుగడలనూ స్పష్టంగా, ఒకే బరువుతో పలకండి. తక్కిన పద్యాన్ని అవి మోస్తాయి.

మరొకటి కూడా గమనించండి. శార్దూలంలోని మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే మత్తేభం వస్తుంది, తక్కినదంతా అదే నడక. గజేంద్రుడు "లా" అని బరువుగా మొదలుపెట్టిన మొర శార్దూలంలో ఉంది. స్వామి కదిలే ఘట్టంలోని "అల వైకుంఠపురంబులో", "సిరికిం జెప్పఁడు", "తన వెంటన్ సిరి" పద్యాలు మూడూ మత్తేభాలు. ఏనుగు ఒక్క గురువుతో ఈడ్చుకుంటూ అడిగింది, జవాబు రెండు లఘువులతో పరుగెత్తుకొచ్చింది. ఏనుగు ఏడ్చిన పద్యానికి పులి పేరూ, స్వామి వచ్చిన పద్యాలకు ఏనుగు పేరూ ఉండడం చూసి నేను ఎన్నోసార్లు ఒంటరిగా నవ్వుకున్నాను.

ఇంత చెప్పిన నేను ముప్పై ఏళ్ళు ఈ పద్యాన్ని తప్పు చదివాను. "నితఃపరం" అన్నచోట విసర్గను మింగి "నిత పరం" అనేవాడిని. "తః" మీద విసర్గ ఉంటేనే అది గురువు, సగణం నిలుస్తుంది. విసర్గ తీస్తే మూడూ లఘువులై నగణం అవుతుంది. ఈ లెక్క నాకు తెలియనిది కాదు, అయినా నాలుకకు అలవాటు పడింది.

అమ్మ చివరి రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉంది. గణాలు, యతులు ఆవిడకు తెలియవు, మా తాతయ్య మోకాలి మీద తాళం వేస్తూ నేర్పిన పద్యాలు తెలుసు. ఒక తెల్లవారుజామున ఆక్సిజన్ గొట్టం ముక్కుకు ఉండగానే ఈ పద్యం మొదలుపెట్టింది. "లేదు" దగ్గర ఆగింది. "అయ్యె" దగ్గర ఆగింది. "ప్రాణంబులున్" దగ్గర ఆగుతుందేమో అనుకున్నాను, ఆగకుండా "ఠావుల్ దప్పెను" దాకా ఎలాగో లాక్కొచ్చింది. తర్వాత ప్రతి క్రియకూ ఒక ఊపిరి. "నీవే తప్ప ని" అని, "తః" దగ్గరకు వచ్చేసరికి లోపలున్న గాలంతా ఆ విసర్గలో బయటికి పోయింది. మంచం పక్కన నిలబడి ఉన్న నాకు మొదటిసారి ఆ అక్షరం బరువు వినిపించింది. మళ్ళీ గాలి పీల్చుకుని "పరం బెఱుఁగ" అంది. నా చెయ్యి పట్టుకుని, తక్కినది నన్ను చదవమంది.