కాగితం మీద 20 లక్షల లాభం, చేతిలో లక్ష లోటు

కడపలో ఒక బిల్డర్ దగ్గర లెక్కలు రాస్తాను. మేం కడుతున్న కాలేజీ హాస్టల్‌కి మార్చి 31 నాటి కాంట్రాక్ట్ అకౌంట్ తయారు చేసి, ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ, రెన్యువల్ కోసం బ్యాంకులో ఇవ్వాల్సి వచ్చింది. నిన్నటితో ఆ పని తెమిలింది. ఒళ్ళు మంట మాత్రం ఇంకా తగ్గలేదు.

ఖర్చులు రాయడం పెద్ద పనేం కాదు. సిమెంటు, కమ్మీ, కూలీలు, సెంట్రింగ్ అద్దె అన్నీ కలిపి 100 లక్షలు. అందులో పరచకుండా సైటులోనే పేర్చి ఉన్న కడప బండలూ టైల్సూ 4 లక్షలు తీసేస్తే, జరిగిన పనికి అయింది 96 లక్షలు. కాంట్రాక్ట్ ధర 2 కోట్లు. ఆర్కిటెక్ట్ కొలిచి సంతకం పెట్టిన పని 110 లక్షలు. అందులో 10 శాతం, అంటే 11 లక్షలు, రిటెన్షన్ కింద పట్టుకుని 99 లక్షలు ఇచ్చారు.

తకరారు మూడో అంతస్తు స్లాబు దగ్గర వచ్చింది. కొలతలు ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలోకి ఎక్కాక పోశాం కాబట్టి సర్టిఫై కాలేదు. దానికైన ఖర్చు 6 లక్షలు. 'బిల్లు రేటుకు 9 వేయబ్బా' అన్నాడు మా అన్న (మా ఓనర్‌ని అందరం అన్న అనే అంటాం). వేయలేదు. ఎవరూ సంతకం పెట్టని పనిని అసలుకే చూపాలి, దాని మీద లాభం చూపకూడదు. అక్కడ నా మాటే నెగ్గింది. 110కి 6 కలిపి 96 తీస్తే 20 లక్షలు. దీన్ని నోషనల్ లాభం అంటారు.

ఇందులో 12 లక్షలే లాభంగా రాద్దామన్నాను. 'ఇరవై ఉండాయి కదా, యాడికి పోతాయి? మొత్తం రాయి, లిమిట్ పెరుగుతాది' అన్నాడు అన్న. ఆయన మాట కాదనలేక అలాగే పట్టుకెళ్ళాను.

బ్యాంకులో లోన్ల ఆఫీసరు కాగితం తిప్పి చూసి, కౌంటరు దగ్గర జనమంతా వినేలా, 'ఇరవై లక్షలు సంపాదించినవాళ్ళకు ఓడీ ఎందుకండీ? ఆ డబ్బు ఎక్కడుందో చూపించండి' అన్నాడు. పక్కనున్న గుమాస్తా నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. అడిగిన తీరు వెధవ తీరు, అడిగింది మాత్రం సరైన ప్రశ్న. బయట మెట్ల మీద కూర్చుని బిల్లు వెనకాల లెక్క వేశాను. వచ్చింది 99, పెట్టింది 100, అంటే చేతిలో లక్ష లోటు. మరి 20 ఎక్కడుంది? కాలేజీ వాళ్ళ దగ్గర రిటెన్షన్‌గా 11, కొలవని స్లాబులో 6, సైటులో పేర్చిన బండల్లో 4. ఈ 21లోంచి లోటు ఒకటి తీస్తే 20. రూపాయి కూడా జేబులోకి వచ్చింది కాదు.

నేను 12 అన్నది ఇందుకే. పని నాలుగో వంతు కూడా కాకపోతే లాభం అసలు తీసుకోరు. నాలుగో వంతు నుంచి సగం లోపలైతే నోషనల్ లాభంలో మూడో వంతు, సగం దాటితే మూడింట రెండు వంతులు. పూర్తి కావచ్చినప్పుడు లెక్క వేరు. మాకు సర్టిఫై అయిన 110 లక్షలు 2 కోట్లలో 55 శాతం కాబట్టి 20లో రెండు వంతులు 13.33 లక్షలు. దాన్ని మళ్ళీ డబ్బు చేతికొచ్చిన మేరకు, అంటే 110కి 99 చొప్పున తగ్గిస్తే 12. మిగతా 8 రిజర్వులో ఉంటుంది. అది పిరికితనం కాదు. పునాదులు, స్లాబుల రేట్లలో మిగులు ఎక్కువ. ఫ్లోరింగు, పెయింటింగు, కరెంటు పనుల్లో అది కరిగిపోతుంది. మొత్తం పనికి 175 లక్షలవుతుందని మా అంచనా. అంటే చివరికి మిగిలేది 25. మిగిలిన దాదాపు సగం పనిలో వచ్చేది 5 లక్షలే అన్నమాట.

12తో కాగితం మార్చి, పై లెక్క కూడా జతచేసి ఇచ్చాను. ఆఫీసరు ఈసారి నోరెత్తలేదు. లిమిట్ పెరగలేదు గానీ రెన్యువల్ అయింది.

ఒక్క మాట. ఈ మూడింట రెండు వంతులు కాస్ట్ అకౌంట్ల ఆచారమే, ఇన్‌కం ట్యాక్స్ వాళ్ళకు పట్టదు. వాళ్ళకు పని జరిగిన శాతం ప్రకారం చూపాలి. 175లో 96 ఖర్చయింది, అంటే దాదాపు 55 శాతం. 25 లక్షల్లో ఆ వంతు 13.71 లక్షలు. రిటెన్షన్ చేతికి రాకపోయినా ఆదాయంలో కలుస్తుందనే వాళ్ళ చట్టం అంటుంది. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి అన్న నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మార్చి మొదటి వారంలో రమ్మంటే రాని ఆర్కిటెక్ట్ అసిస్టెంటును మాత్రం ఏమీ అనడు. ఆ పిల్లాడొచ్చి స్లాబు కొలిచి ఉంటే ఆ 6 లక్షల పని సర్టిఫై అయి, బిల్లులో 10 శాతం పోను మిగతాది ఏప్రిల్‌లోనే చేతికొచ్చేది.