గుడ్డు రబ్బరులా సాగి, నీళ్లు కారుతుంటే

గుంటూరు బ్రాడీపేటలో మా వదిన, నేను కర్రీ పాయింట్ నడుపుతాం. ఎండలు ముదిరాక కోడిగుడ్డు పులుసు మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. గుడ్డు రబ్బరులా సాగుతోందని, కొరికితే నీళ్లు వస్తున్నాయని. గుడ్లు పాతవేమోనని వదిన కొట్టు మార్చింది. తేడా రాలేదు.

అప్పుడు బాగోలేని గుడ్లను పక్కన పెట్టి సగానికి కోసి చూశాను. రెండు రకాలు కనిపించాయి. కొన్నిటిలో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ అంచు ఉంది. మిగతావాటిలో పచ్చసొన శుభ్రంగానే ఉంది కానీ, తెల్లసొన పొరలు పొరలుగా విడిపోయి, వేలితో నొక్కితే నీరు ఊరుతోంది.

ఆకుపచ్చ అంచు ఉన్నవి ఎక్కువ ఉడికినవి. తెల్లసొన 60 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలవుతుంది, 80 దాటితే బాగా బిగుస్తుంది. ఇంకా మరిగిస్తూ పోతే తడిబట్టను పిండినట్టు లోపలి నీరు బయటికి వచ్చేస్తుంది. అందుకే ఒకే గుడ్డు గట్టిగానూ ఉంటుంది, నీళ్లూ కారుతుంది.

ఇప్పుడు నీళ్లు మరిగాకే గుడ్లు గరిటెతో నెమ్మదిగా దింపుతున్నాం. ట్రే మొత్తం, అంటే 30 గుడ్లు ఒకేసారి వేస్తే నీళ్ల వేడి పడిపోతుంది. కాబట్టి మళ్లీ బుడగలు మొదలయ్యాక మంట తగ్గించి, అక్కడి నుంచి 9 నిమిషాలు లెక్కపెడతాం. తర్వాత వెంటనే చల్లార్చాలి, లేకపోతే పెంకులో ఉన్న వేడికే ఇంకా ఉడుకుతుంది. మే నెలలో మన ట్యాంకు నీళ్లు కుళాయిలోనే కాగి వస్తాయి కదా, వాటితో లాభం లేదు. ఐసు గడ్డలు వేయాల్సిందే. పులుసులో కూడా దించే ముందు 3 నిమిషాలు చాలు. ఉప్పు, పులుపు పట్టాలంటే చాకుతో నాలుగు గాట్లు పెడితే సరి, అంతేగానీ అరగంట మరిగించకూడదు.

ఇక ఆకుపచ్చ అంచు లేని రకం నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. ఎంత జాగ్రత్తగా ఉడికించినా వచ్చేది. గమనించి చూస్తే అవన్నీ ముందురోజు మిగిలి ఫ్రిజ్‌లో పెట్టినవే. అదీ పై అరలో, వెనక గోడకు ఆనుకుని ఉన్నవి. ఎండలకని ఫ్రిజ్ కూలింగ్ పూర్తిగా పెంచి ఉంచాం, అక్కడ గుడ్లు గడ్డకట్టేస్తున్నాయి. ఉడికిన తెల్లసొనలో నీరు ఐసుగా మారితే ఆ అల్లిక చిరిగిపోతుంది. కరిగాక నీరు ఒకవైపు, పీచు ఒకవైపు.

కూలింగ్ తగ్గించి, గుడ్లు పెంకుతోనే కింది అరలో, గోడకు తగలకుండా పెట్టాక ఆ రకం రావడం ఆగిపోయింది. ఒకసారి గడ్డకట్టిన గుడ్డు మాత్రం మళ్లీ వేడి చేసినా మామూలుగా అవ్వదు. అలాంటిది దొరికితే ఇంట్లోకి తురిమి, నీరు పిండేసి ఉల్లికారంలో వేయిస్తాం. పులుసులోకి వేయం.