బజారుకెళ్లిన నాన్న

జులై నెలాఖరు. రాత్రి పది దాటింది.

అన్నయ్య చేపల వేట పనికి నిన్న అర్ధరాత్రి గుజరాత్‌లోని వేరావల్‌కి బయలుదేరాడు. ఆమదాలవలసలో రైలు. పడమటి తీరంలో వానాకాలపు వేట నిషేధం ముగిశాక, ఆగస్టులో బోట్లు కదులుతాయి. అందుకే ఏటా ఈ రోజుల్లో మా ఊళ్లో సగం మంది మగవాళ్లు మూటలు సర్దుకుంటారు. వెళ్లేముందు చూద్దామని నిన్న శ్రీకాకుళం నుంచి వచ్చాను. రెండు రోజులు ఉందామనుకున్నాను.

అన్నయ్య కూతురు చిట్టికి నాలుగేళ్లు. అది నిద్రపోయాక అన్నయ్య చప్పుడు చేయకుండా లేచి, తల మీద ఒకసారి చెయ్యేసి వెళ్లిపోయాడు. పొద్దున్నే లేచి "నాన్నేడీ" అంది. అమ్మ రెండో ఆలోచన లేకుండా "బజారుకెళ్లాడమ్మా, సాయంత్రం నీకు జిలేబీ తెస్తాడు" అంది.

నేను ఏమీ అనలేకపోయాను. అదే నన్ను రోజంతా తొలిచింది.

చిట్టి అన్నం తిని, స్నానం చేసి, అరుగు మీద కూర్చుంది. ఆటకి పిలిస్తే వెళ్లలేదు. రోడ్డు మీద ఆటో చప్పుడైతే లేచి నిలబడేది. మధ్యాహ్నం నిద్రపోలేదు, నిద్రపోతే నాన్న వచ్చేస్తాడట. ఆరు గంటలకి దీపం పెట్టాక "బజారు మూసేశారా అత్తా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక వంటింట్లోకి వెళ్లిపోయాను.

దాని అన్న రాజుకి ఏడేళ్లు. వాడికి అంతా తెలుసు, రాత్రి మూట కట్టడం చూశాడు. వాడికి అమ్మ చెప్పింది, "చెల్లికి చెప్పకు, ఏడుస్తాది." చిట్టి వాణ్ణి అడిగినప్పుడు వాడు నేల చూపులు చూస్తూ "బజారుకే" అన్నాడు. చిట్టి అబద్ధాన్ని వింది. వాడి చేత మనమే చెప్పించాం.

బి.ఎడ్‌. చదివిన రోజుల్లో పిల్లల మీద జరిగిన ఒక పరీక్ష గురించి మా మేడమ్ చెప్పారు. కాలిఫోర్నియాలో చెల్సీ హేస్, లెస్లీ కార్వర్ చేశారు, 2014లో అచ్చయింది. పక్క గదిలో గిన్నెడు చాక్లెట్లు ఉన్నాయని పెద్దవాళ్లు కొందరు పిల్లలకి చెప్పి, తరువాత అది అబద్ధమని ఒప్పుకున్నారు. ఆ పైన ఓ ఆట ఆడించారు. బొమ్మ చప్పుడు విని అది ఏమిటో చెప్పాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. మధ్యలో ఒంటరిగా వదిలి వెళ్లారు. అబద్ధం విన్న బడి వయసు పిల్లలు, అంటే అయిదు నుంచి ఏడేళ్ల వాళ్లు, వినని వాళ్లకంటే ఎక్కువగా చూశారు, చూడలేదని ఎక్కువగా బుకాయించారు. మూడు, నాలుగేళ్ల వాళ్లలో ఆ తేడా కనిపించలేదు. ఒక్క రోజు, ఒక్క గది, కొత్త మనుషులు. దాన్ని బట్టి ఏళ్ల తరబడి ఏమవుతుందో చెప్పలేం. కానీ ఇవాళ రాజు ముఖం చూశాక, ఆ పాఠం నాకు చిట్టి కంటే వాడి గురించే అనిపించింది.

ఏళ్ల తరబడి ఏమవుతుందో నాకు నా సంగతి తెలుసు. నాకు ఆరేళ్లప్పుడు నాన్న కూడా ఇలాగే వెళ్లాడు. "పొందూరెళ్లాడు, కొత్త గౌను తెస్తాడు" అని అమ్మ చెప్పింది. గౌను రాలేదు. నాన్న వచ్చేసరికి మామిడికాయలు అయిపోవచ్చాయి. ఆ ఏడాది ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్లూ లుంగీ అంచుని నా చిటికెన వేలికి కట్టుకుని పడుకునేదాన్ని. ఆయన కదిలితే నాకు తెలియాలి కదా.

మూడేళ్ల కింద నాన్న విశాఖలో ఆసుపత్రిలో ఉన్నాడు. రోజూ ఫోన్ చేసేదాన్ని, అమ్మ రోజూ "గ్యాస్ నొప్పేనే, నీకెందుకు టెన్షన్" అనేది. తొమ్మిదో రోజు వెళ్తే ఐసీయూలో ఉన్నాడు. దేవుడి దయ, బయటపడ్డాడు. అప్పటి నుంచి అమ్మ "ఏం లేదు" అంటే నాకు గుండె దడ. పక్కింటి పిన్నికి ఫోన్ చేసి అడుగుతాను. నాన్న ఫోటో తీసి పంపమంటాను. అమ్మ బాధపడుతుంది, "నా మాట నమ్మవా" అంటుంది. అమ్మ నన్ను ప్రేమించలేదని కాదు. నేను ఏడవకూడదనే ఆమె అబద్ధం చెప్పింది, అప్పుడూ ఇప్పుడూ. నాకు అమ్మ మీదా నా మీదా జాలే.

అలాగని పిల్లలతో ఉత్తుత్తిగా అనే ప్రతి మాటా అబద్ధం కాదు. చందమామ రావే అంటే చిట్టి చందమామ వస్తాడని అరుగు మీద కూర్చోదు. అది ఆట అని దానికీ తెలుసు. మనం చెప్పిన మాట నమ్మి పిల్ల ఎక్కడైనా కూర్చుని ఎదురుచూస్తుందా, లేదా అన్నదే నాకు తేడా.

రాత్రి అన్నాలయ్యాక వదిన వచ్చి "ఏటి చెప్పాలి వదినా దీనికి? ఏడిస్తే ఎలా ఆపడం?" అంది. ఏడవనిద్దాం అన్నాను. ఇద్దరం కలిసి చెప్పాం. నాన్న పెద్ద రైలెక్కి చాలా దూరం వెళ్లాడు, చేపలు పట్టే పనికి. చెప్పకుండా వెళ్లడం తప్పు, బజారన్నది తప్పుమాట. నువ్వు ఏడుస్తావని మేం భయపడ్డాం. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి కళ్లొత్తుకుంది గానీ అడ్డు రాలేదు.

"ఎప్పుడొస్తాడు" అంది. పది నెలలంటే నాలుగేళ్ల దానికి ఏం తెలుస్తుంది? దసరా వస్తుంది, తరువాత సంక్రాంతికి ముగ్గులేస్తాం, తరువాత మన చెట్టుకి మామిడికాయలు కాస్తాయి, అప్పుడు వస్తాడు అని చెప్పాం. తారీకు మాత్రం చెప్పలేదు. బోటు యజమాని లెక్కలు తేలక ఆలస్యమైతే అదీ మరో అబద్ధమవుతుంది. ఫోన్ సంగతీ చెప్పాం. రైలు దిగాక చేస్తాడు. బోటెక్కాక రెండు మూడు వారాలు సముద్రంలో ఫోన్ కలవదు, గట్టుకి రాగానే చేస్తాడు. ఈ ముక్క చెప్పకపోతే, ఫోన్ రాని ప్రతి రోజూ అది మళ్లీ అరుగు మీదే ఉంటుంది.

అన్నీ చెప్పలేదు. 2018 నవంబరులో మన జిల్లాల నుంచి గుజరాత్ వెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మత్స్యకారులు 2020 జనవరికి గానీ తిరిగి రాలేదు. ఆ భయం వదిన కళ్లలో ఉంది, పిల్ల మీద వేయక్కర్లేదు. కానీ "నాన్నకి ఏమీ కాదు" అన్న మాట నోటిదాకా వచ్చి ఆపుకున్నాను. నాన్న జాగ్రత్తగా ఉంటాడు, పక్కన మన ఊరి మావయ్యలు ఉన్నారు అన్నాను. అది నిజం.

చిట్టి అరగంట ఏడ్చింది. వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది. రాజు వచ్చి దాని పక్కన కూర్చుని "నాకు తెలుసే, చెప్పొద్దన్నారు" అన్నాడు. వాణ్ణి దగ్గరికి తీసుకుని, ఇకమీదట నిన్ను అలా చెప్పమని అడగం అన్నాను.

ఇప్పుడు నా పక్కనే పడుకుంది. కళ్లు మూతలు పడుతుంటే "నువ్వు కూడా వెళ్లిపోతావా అత్తా?" అంది. రేపు కాదు, ఎల్లుండి పొద్దున్న ఏడింటి బస్సుకి వెళ్తాను, నిన్ను లేపి చెప్పి వెళ్తాను అన్నాను. నా ముఖం కాసేపు చూసింది. నా చీర కొంగు తీసి తన వేళ్లకి చుట్టుకుని పడుకుంది.

ఎల్లుండికి ఆరింటికి అలారం పెట్టాను.