మూడుసార్లు చెరిపి రాసిన మెసేజ్

ఆదివారం, రాత్రి పదిన్నర. బెంగళూరు, బీటీఎం లేఅవుట్.

పొద్దున టిఫిన్ చేసి, బట్టలు మెషిన్లో వేసి, మా ఫ్రెండ్‌కి నాలుగు ముక్కలు రాద్దామని ఫోన్ పట్టుకున్నాను. ఆ నాలుగు ముక్కలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆఫీసులో రోజుకు నలభై మెయిళ్ళు కొట్టేవాణ్ణి, ఇదేం కర్మో!

వాడు మొన్న గురువారం ఇంటికొచ్చాడు. 28 రోజులు తాగుడు మాన్పించే సెంటర్లో ఉండి, మధ్యలో వదిలేయకుండా ట్రీట్‌మెంట్ పూర్తి చేసుకున్నాడు. లోపల ఫోన్ ఇవ్వరు కాబట్టి మా చాట్ నెలరోజులుగా ఖాళీ. పైకి జరుపుతూ పోతే జనవరిలో నేను పంపిన మెసేజ్ కనబడింది. "మగాడివైతే ఈ రాత్రి నుంచే మానెయ్. అంతా మనసులో ఉంటుంది." దాని కింద వాడు పెట్టిన బొటనవేలు.

ఆ రోజు శుక్రవారం. వాడు నిజంగానే ఆ రాత్రి మానేశాడు. శనివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి చెమటలు పట్టి ఉన్నాడు. వాడి భార్య, నాకు చెల్లెమ్మ, టీ ఇస్తే కప్పు సాసర్లో టకటకా కొట్టుకుంది. రెండు చేతులతో పట్టుకున్నా సగం చొక్కా మీదే పడింది. నేనేమో భుజం తట్టి, "చూశావా, ఒక్కరోజు గడిచింది, ఇంకేముంది" అన్నాను. ఆదివారం తెల్లవారుజామున వాడికి ఫిట్స్ వచ్చాయి.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మ తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడి మెదడు దానికి ఎదురుగా తన వేగం పెంచుకుని నెట్టుకొస్తుంది. తలుపును భుజంతో గట్టిగా నెడుతుంటే అవతలివాడు ఒక్కసారి వదిలేసినట్టు, మద్యం ఆగిపోగానే ఆ వేగమంతా ముందుకు తూలిపడుతుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. చాలామందిలో అక్కడితో ఆగిపోతుంది. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. ఇంకొందరికి రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పి, లేనివి కనబడతాయి. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. అందుకే అలాంటివాళ్ళు డాక్టర్ చేతిలో ఉండి మానాలి. మత్తునిచ్చే ఒకరకం మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, వారం పదిరోజుల్లో కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు కూడా ఇస్తారు. దీంట్లో మగతనం పాత్ర ఎక్కడా లేదు. "అంతా మనసులో ఉంటుంది" అని రాసినవాణ్ణి నేనేనని ఆవిడకు చెప్పలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు తాగుడు మళ్ళీ మొదలైంది. కానీ ఈసారి "నన్ను చేర్పించండి" అని అడిగింది వాడే. ఆ మాట వెనక వాడు ఎన్ని రాత్రులు గడిపాడో నాకు తెలియదు.

ఇవాళ మొదట "కంగ్రాట్స్ రా! గెలిచేశావు, ఇక పూర్తిగా నయమైపోయింది" అని కొట్టాను. బాగానే ఉందనిపించింది. అంతలో సెంటర్లో కుటుంబాల కోసం పెట్టిన మీటింగ్ గుర్తొచ్చింది. నేను, చెల్లెమ్మ కలిసి వెళ్ళాం. ఇది బీపీ, షుగర్ లాంటిదని, సెంటర్లో అయ్యింది మొదటి భాగమేనని, బయటికొచ్చాక మొదటి కొన్ని నెలలే కష్టమని కౌన్సిలర్ చెప్పాడు. గెలిచావని పండగ చేస్తే, రేపెప్పుడైనా కాలు జారితే వాడు మనకు చెప్పుకోలేక దాచిపెడతాడు. దాచడం మొదలైందంటే మళ్ళీ తాగుడు మొదలయ్యే దారి అదే. ఆ లైను తీసేశాను.

రెండోది "పిల్ల మొహం చూసైనా" అని మొదలైంది. ఆ పిల్ల మొహం వాడు చూడకనా? అదీ పోయింది. మూడోది నాకే నచ్చలేదు. గొంతు పెద్దమనిషిలా ఉంది.

ఇంతలో చెల్లెమ్మ ఫోన్. ఊళ్ళో ఉన్న మేనత్త తాగుడు మాన్పించే పొడేదో పంపిస్తానందట, సాంబారులో కలిపేస్తే చాలు, వాడికి తెలియనక్కర్లేదు అని. "ఏం చెప్పాలి అన్నా?" అంది. వద్దమ్మా, అస్సలు వద్దన్నాను. వాడికి డాక్టర్ రాసిచ్చింది డైసల్ఫిరామ్. లివర్ టెస్టులు చేశాక, వాడికి అన్నీ చెప్పి, వాడు ఒప్పుకున్నాకే మొదలుపెట్టారు. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు మధ్యలో ఒక విషపదార్థం తయారవుతుంది, మామూలుగా అది వెంటనే కరిగిపోతుంది. ఈ మాత్ర ఆ కరిగే పనిని ఆపేస్తుంది. అందుకే మాత్ర మీద ఉన్నవాడు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మాత్ర ఆపిన రెండు వారాల వరకు కూడా ఆ ప్రమాదం ఉంటుంది. ఆ పొడిలో ఏముందో ఎవరికి తెలుసు? ఇలాంటి మందే ఉంటే, తెలియని మనిషి తాగి కుప్పకూలిపోతాడు. పైగా ఒకసారి తెలిసిందంటే ఇంట్లో అన్నం కూడా నమ్మడు. చెల్లెమ్మ కాసేపు ఊరుకుని, "అత్తకు ఏదో ఒకటి చెప్తాలే" అంది.

ఫోన్ పెట్టేశాక మా ఇంట్లో దగ్గు మందు సీసా తీసి చూశాను. వాడు వస్తూ పోతూ ఉంటాడు కదా. లేబుల్ మీద చీమల్లాంటి అక్షరాలు, కళ్ళజోడు పెట్టుకుంటే గానీ ఆల్కహాల్ అన్న మాట కనబడలేదు. బాత్రూంలో మౌత్‌వాష్‌లోనూ ఉంది. రెండూ పైఅరలోకి ఎక్కించాను.

చివరికి పంపింది ఇది:

"రేయ్, జనవరిలో నేను పెట్టిన మెసేజ్ తప్పు. నాకు తెలియక రాశాను, దెబ్బ నువ్వు తిన్నావు. సారీ రా. 28 రోజులు ఉండి ట్రీట్‌మెంట్ పూర్తి చేశావు, సంతోషంగా ఉంది. ఎన్నో రోజు, ఎట్లా ఉంది అని రోజూ లెక్కలు అడగను. సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తా, క్రికెట్టో ఇంకేదో మాట్లాడుకుందాం. మూడ్ లేకపోతే కట్ చెయ్, ఏమీ అనుకోను. ఎప్పుడైనా ఒక గ్లాసు పడినా నాకు చెప్పు. తిట్టను. మాత్ర మీద ఉన్నావు కాబట్టి ఆ క్షణమే హాస్పిటల్‌కి పోదాం, కారు నేను తెస్తా."

ఏడింటికి అని ఊరికే రాయలేదు. వాడు రోజూ మొదలుపెట్టే టైం అది. తాగాలన్న కోరిక అలలాగా లేస్తుందని, చాలాసార్లు అరగంట లోపలే దానంతటదే తగ్గుతుందని ఆ మీటింగ్‌లోనే విన్నాను. ఆ అరగంట ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటే చాలట.

నీలం టిక్కులు రెండుంపావుకే పడ్డాయి. జవాబు లేదు. బట్టలు ఆరేశాను, మళ్ళీ చూశాను. పడుకున్నాను, మళ్ళీ చూశాను. సారీ అని రాసి పాత గాయం రేపానేమో అని టెన్షన్.

నాలుగున్నరకు వచ్చింది.

"జనవరి సంగతి వదిలెయ్. రేపట్నుంచి ఆఫీసు. ఏడింటికి కాదు, ఆరున్నరకు చెయ్. అప్పుడు బస్సు దిగుతా, ఇంటికి ఆ షాపు ముందు నుంచే నడవాలి."

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆరు ఇరవై ఐదుకు అలారం పెట్టాను. మంగళవారం ఆరింటికి నాకు టీమ్ మీటింగ్ ఉంది, దాన్ని పొద్దుటికి జరపమని రేపే మేనేజర్‌ని అడగాలి.