మిగిలిన పండగ బాక్సులు

పండగ అయిపోయింది, నేను అమ్మే, సబ్బులు, టవళ్లు, సువాసన కొవ్వొత్తులు ఉన్న గిఫ్ట్ బాక్సులు 64 మిగిలాయి. పోయినేడు ఇలాగే మిగిలితే మర్నాడే 40 శాతం తగ్గింపు పెట్టేశాను. అంతకు మూడు రోజుల ముందు పూర్తి ధరకు కొన్నావిడ ఫోన్ చేసి, "అయితే తొందరపడింది మేమేనన్నమాట" అంది. జవాబు లేదు నా దగ్గర. ఈసారి పండగకు వారం ముందు నుంచే "తగ్గింపు ఎప్పుడండీ?" అని మెసేజీలు. అలవాటు చేసింది నేనేగా!

అందుకే ఈసారి ధర ముట్టుకోలేదు. పండగ బొమ్మలున్న అట్ట తొడుగులు తీసేసి బాక్సులు విప్పాను. సబ్బులు, టవళ్లు మామూలు ధరకే మళ్లీ రోజువారీ సరుకులో కలిశాయి. తొడుగుల ప్రింటింగ్ ఖర్చు, ఒకటిన్నర రోజు పని పోయినట్టే. చిక్కంతా కొవ్వొత్తులతోనే. గాజు మీదే పండగ డిజైన్ ఉంది, వచ్చే ఏడుకి దాచుదామంటే వాసన తగ్గిపోతుంది. వాటిని అమ్మకానికే పెట్టలేదు. ఈ పండక్కి పూర్తి ధరకు కొన్నవాళ్లకు మాత్రం మెసేజ్ పెట్టి, తర్వాతి ఆర్డర్‌తో ఒకటి ఉచితంగా పంపుతున్నాను. రెండు వారాల్లో 41 వెళ్లాయి. పోయినేడు ఫోన్ చేసినావిడ కూడా ఆర్డర్ పెట్టింది, "రెండు ఇస్తారా?" అంటూ.